బస్ లో, బస్లో, బస్‌లో, బస్సులో

*అయ్యా, నమస్కారం. మా నాన్నగారి జ్ఞాపకాలను ఫోన్‌లోనే టైపు చేశాను. 140 పేజీలు వచ్చాయి, పుస్తకంగా వేద్దామనుకుంటున్నాం. ప్రూఫులు చూసిన ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరు ‘ఇంటి మీద’, ‘మీ కోసం’ లాంటివన్నీ కలిపేశారు. ఇంకొకరు కలిపినవన్నీ మళ్లీ విడదీశారు. ‘విద్యాశాఖ’, ‘రాష్ట్ర ప్రభుత్వం’ లాంటి వాటి దగ్గరా ఇదే గొడవ. దీనికి నియమం అంటూ ఒకటి ఉందా? ఎవరి మాట వినమంటారు? మచ్చుకి ఒక వాక్యం పంపుతున్నాను: “నాన్న గారు 1962 లో ఖమ్మం నుంచి బస్ లో వచ్చి కూర గాయల మార్కెట్ దగ్గర ఉన్న పెద్దమ్మ ఇంట్లోదిగి స్కూల్ కి పది మంది తోపాటు నడిచి వెళ్లే వారు.”*

*— ఒక పాఠకురాలు, ఖమ్మం*

అమ్మా,

మీ పెద్దలిద్దరూ చెరో సగం ఒప్పే. అన్నిటికీ ఒకే మందు వేయబోవడంతో చిక్కు వచ్చింది. అయితే మీ వాక్యంలో వాళ్లిద్దరూ పోట్లాడుకోని చోటే అసలు తప్పు ఉంది. ‘1962 లో’, ‘బస్ లో’, ‘స్కూల్ కి’. ముందు దాన్ని తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ వాదనకు చోటు లేదు.

కి, కు, ని, ను, లో, తో, గా. ఇవి మాటలు కావు, మాటలకు ఉండే తోకలు. కి, కుల సంగతే చూడండి. ‘పులికి’ అంటాం, ‘పులికు’ అనం. ‘గోడకు’ అంటాం. ముందున్న మాట ఇకారంతో ముగిస్తే కి, ని వస్తాయి. లేకపోతే కు, ను. (వాడుకలో ‘గోడకి’ కూడా ఉంది, నేనూ అంటాను. ‘పులికు’ మాత్రం ఎవరి నోటా రాదు.) ముందు మాటలోని అచ్చును చూసి తన రూపం మార్చుకునేది ఆ మాటలో భాగమే, పక్కింటిది కాదు. ‘లో’ రూపం మార్చుకోదు గానీ ముందున్న మాటనే మార్చేస్తుంది. ఇంటి, లో కలిస్తే ‘ఇంట్లో’. ఊరి, లో కలిస్తే ‘ఊళ్లో’. ఇంతగా కరిగి కలిసిపోయేదాన్ని ‘బస్’ పక్కన మాత్రం ఒంటరిగా నిలబెట్టడం అన్యాయం.

ఇంకా తేలికైన పరీక్ష ఒకటుంది. మీ ఇంట్లో చిన్నపిల్లని “బంతి ఎక్కడుందే?” అని అడగండి. ‘కింద’ అంటుంది, ‘లోపల’ అంటుంది, ‘మీద’ అని వేలు పైకి చూపిస్తుంది. ‘లో’ అని మాత్రం అనదు. ఒక్కటిగా జవాబు కాలేనిది పేజీ మీదా ఒక్కటిగా ఉండకూడదు. అంకెల తరవాతా అంతే: 1962లో, 10కి, 6కు. ఇక్కడ అంకెను నోటితో చదివి చూడాలి. ‘పది’లో ఇకారం ఉంది కాబట్టి కి, ‘ఆరు’లో లేదు కాబట్టి కు.

మరి ఇంత తేలికైన విషయంలో ఖాళీలు ఎలా చొరబడ్డాయి? మీరు ఫోన్‌లో టైపు చేశానన్నారు కదా, సగం జవాబు అక్కడే ఉంది. ‘ఖమ్మం’ అని సగం కొట్టగానే పైన సూచన వస్తుంది, దాన్ని నొక్కుతారు. కీబోర్డు ఆ మాటతో పాటు తనే ఒక ఖాళీని కూడా పెట్టేస్తుంది. తరవాత మీరు ‘లో’ కొడతారు, ‘ఖమ్మం లో’ అయి కూర్చుంటుంది. ఇలా చేరిన ఖాళీలు 140 పేజీల్లో తక్కువేమీ ఉండవు.

మిగతా సగం ‘బస్’, ‘స్కూల్’, ‘హైదరాబాద్’ లాంటి పొల్లుతో ముగిసే మాటల నుంచి వచ్చింది. ‘బస్’ పక్కన ఖాళీ లేకుండా ‘లో’ కొడితే ‘బస్లో’ అవుతుంది, స కింద ల వత్తు వచ్చి పడుతుంది. ‘స్కూల్కి’, ‘హైదరాబాద్లో’ కూడా అంతే. అది చూడ్డానికి బాగుండక అందరూ మధ్యలో ఖాళీ పెడుతున్నారు. వత్తు పడకుండా ఆపడానికి ఖాళీని మేకులా వాడుతున్నారన్నమాట. దాని ఫలితం అచ్చులో తెలుస్తుంది. పంక్తి చివర ‘హైదరాబాద్’ దగ్గర చోటు అయిపోతే ‘లో’ ఒక్కటే కింది పంక్తి మొదట్లో వచ్చి కూర్చుంటుంది. ప్రూఫుల్లో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. చదివేవాడు ఒక క్షణం ‘లోపల’ అనో ‘లోకం’ అనో వస్తుందేమోనని ఎదురుచూస్తాడు.

దీనికి సరైన మందు ఖాళీ కాదు. కంటికి కనిపించని, చోటు ఆక్రమించని ఒక అక్షరం ఉంది. రెండు హల్లులను కలవనివ్వకుండా ఆపడమే దాని పని. యూనికోడ్‌లో దాని సంఖ్య `U+200C`. అది మధ్యలో ఉంటే ‘బస్‌లో’ అని పొల్లు పొల్లుగానే నిలుస్తుంది, మాట మాత్రం ఒకటే, పంక్తి చివర విరగదు. కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో చేస్తుంటే ‘బస్’ కొట్టిన వెంటనే `200C` అని కొట్టి `Alt` పట్టుకుని `X` నొక్కండి. ఆ నాలుగు గుర్తులూ మాయమై ఆ అక్షరం వచ్చేస్తుంది. తరవాత ‘లో’ కొట్టండి. ఒకసారి వచ్చాక దాన్ని కాపీ చేసుకుని మిగతా చోట్ల అతికించుకోవచ్చు.

అయినా మీ పుస్తకానికి నేనైతే ఇంత తంటా పడను. మీ నాన్నగారి తరం ‘బస్’ అనలేదు, ‘బస్సు’ అన్నారు. ‘స్కూలు’, ‘హైదరాబాదు’, ‘రోడ్డు’, ‘పోస్టాఫీసు’ అన్నారు. ‘బస్సులో’, ‘స్కూలుకి’ అని రాస్తే వత్తు గొడవే ఉండదు, 1962 నాటి గొంతు కూడా నిలుస్తుంది. ఇప్పటి సంగతులు చెప్పే చోట ‘ఫోన్‌లో’ లాంటివి వస్తాయి, అక్కడికి ఆ కనిపించని అక్షరం చాలు.

ఇప్పుడు మీ పెద్దల పోట్లాటలోకి వస్తాను. నియమం ఉందా అని అడిగారు. మన తాళపత్రాల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండేది కాదు, పంక్తి పొడుగునా అక్షరాలు వరసగా సాగిపోయేవి. కాబట్టి పాత ప్రతుల్లో తీర్పు వెతకడం వృథా. సంధి సూత్రాలు శబ్దం ఎలా కలుస్తుందో చెబుతాయి, కాగితం మీద ఎంత ఎడం వదలాలో చెప్పవు. ఎడం అచ్చుతో వచ్చిన అలవాటు. అందులోనూ సన్నటి కాలమ్‌లో వార్త పట్టించాల్సిన పత్రికకు ఒక అవసరం, వెడల్పు పేజీ ఉన్న పుస్తకానికి ఇంకో అవసరం. పొడుగు మాట కాలమ్‌లో పట్టకపోతే పై పంక్తిలో మాటల మధ్య గుంటలు పడతాయి, అందుకని పత్రికల్లో పనిచేసినవాళ్ల చెయ్యి విడదీయడానికే పోతుంది. విడదీసిన ఆయన పత్రికలో పనిచేసినవారేమో కనుక్కోండి, నాకు అనుమానం.

మీద, కింద, దగ్గర, లోపల, పక్కన. చిన్నపిల్ల పరీక్షలో ఇవన్నీ నెగ్గాయి. ఇవి సొంత కాళ్ల మీద నిలబడే మాటలు, విడిగా రాయండి: ఇంటి మీద, చెట్టు కింద, మార్కెట్ దగ్గర. వ్యాకరణం పుస్తకంలో విభక్తుల పట్టికలో చూశామని కొందరు ‘లోపల’ని కూడా కలిపేస్తారు. ఆ పట్టిక అర్థాన్ని బట్టి వేసింది, ఎడాన్ని బట్టి కాదు.

నిజంగా తేలనివి కోసం, గురించి, వల్ల, కంటే, నుంచి, వరకు, దాకా. “ఎవరి గురించి?” అని అడిగితే ‘గురించి’ అని జవాబు చెప్పలేం, అంటే ఇవి ఒంటరిగా నిలబడవు. అలాగని లో, కి లాగా ముందు మాటలో కరిగిపోవు కూడా. ‘వాణ్ని గురించి’, ‘దాన్ని గురించి’ అంటున్నామంటే ముందు మాట అప్పటికే ‘ని’ అనే తోక తగిలించుకుని పూర్తయిపోయింది, ‘గురించి’ దాని పక్కన వచ్చి నిలబడింది. కలిపినా, విడదీసినా ఇక్కడ తప్పు పట్టడానికి లేదు. నేను విడిగానే రాస్తాను. ‘ఆడపిల్లలచదువులకోసం’ అని ఒకే ముద్దగా ఉంటే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. మీరు కలుపుతానన్నా నాకు అభ్యంతరం లేదు, కానీ మూడో పేజీలో ‘మీకోసం’, నలభయ్యో పేజీలో ‘మీ కోసం’ ఉంటే మాత్రం ఊరుకోను.

ఈ గుంపులోనే కొన్ని గడ్డకట్టిపోయిన మాటలున్నాయి. అందువల్ల, ఎందుకోసం, ఇప్పటివరకు, ఇదివరకు. వీటిని విడదీయకండి. ‘ఇదివరకు’ అంటే మునుపు. ‘ఇది వరకు’ అని రాస్తే ‘ఇది’ అన్న వస్తువు దాకా అని చదవాల్సి వస్తుంది. ‘అందువల్ల’లోని ‘అందు’ ఇవాళ ఆ అర్థంలో ఒంటరిగా తిరగడం లేదు.

మీ వాక్యంలో ‘పది మంది తోపాటు’ అని ఉంది చూడండి, ఇది చాలామంది చేసే పొరపాటు. ఎడం పెట్టారు గానీ తప్పు చోట పెట్టారు. ‘తో’ తోక, ముందు మాటకే అంటుకోవాలి. ‘పది మందితో పాటు’ అనండి, లేదా మొత్తం కలిపి ‘మందితోపాటు’ అనండి. ‘తోపాటు’ అని దాన్ని విడిగా నిలబెడితే అది మామిడి తోపు చుట్టమేమో అనిపిస్తుంది. ‘ఇంట్లోదిగి’ది ఎదురు తప్పు. ఇంట్లో వేరు, దిగడం వేరు. అది బహుశా తొందరలో ఖాళీ జారిపోయినది.

ఇక సమాసాలు. ఇక్కడ నేను ముందు చెవిని అడుగుతాను, తరవాత అర్థాన్ని.

‘కూర గాయలు’ అని రాశారు. విడిగా ‘గాయలు’ అనే మాట ఉందా? లేదు, ‘కాయలు’ ఉంది. కూర, కాయలు జంటగా కలిసినప్పుడు క కాస్తా గ అయింది. తల్లి, తండ్రులు కలిసి ‘తల్లిదండ్రులు’, అన్న, తమ్ములు కలిసి ‘అన్నదమ్ములు’. ద్వంద్వ సమాసంలో పరుషాలు గసడదవలవుతాయని చిన్నయ సూరి బాలవ్యాకరణంలో చెప్పినది ఇదే. శబ్దం మారిందంటే అతుకు పడిపోయిందని అర్థం, ఇక అక్కడ కత్తెర పెట్టడానికి లేదు. పెద్దమ్మ, చిన్నాన్న కూడా అంతే. మీ వాక్యంలో పెద్దమ్మని కలిపి రాసి మంచి పని చేశారు; ‘పెద్ద అమ్మ’ అంటే వయసులో పెద్దదైన అమ్మ ఎవరో అవుతుంది. సంస్కృతం నుంచి వచ్చినవాటికీ ఇదే లెక్క. సూర్యోదయం, నిత్యావసరాలు, ఇలా సంధి జరిగిన చోట విడగొట్టడానికి సందే లేదు.

శబ్దం మారనివే తగవులన్నిటికీ మూలం. ‘రాష్ట్ర ప్రభుత్వం’లో ‘రాష్ట్ర’ అనేది ‘రాష్ట్రం’లోని సున్నాను వదిలేసి మరో మాట ముందు విశేషణంలా నిలబడుతోంది. రాష్ట్ర రాజధాని, రాష్ట్ర బడ్జెట్, రాష్ట్ర పండగ, దేని ముందైనా పెట్టొచ్చు. అంత స్వేచ్ఛగా తిరిగేదాన్ని విడిగా రాయడమే మేలు. ‘విద్యాశాఖ’ అలా కాదు. తెలుగులో మనం ‘విద్య’ అంటాం. దీర్ఘంతో ‘విద్యా’ అనేది సమాసంలో మాత్రమే కనిపిస్తుంది. భాషాశాస్త్రం కూడా ఆ బాపతే. ఒంటరిగా వాడుకలో లేని రూపం కాబట్టి నేను కలిపి రాస్తాను. ‘విద్యా శాఖ’ అని రాసేవాళ్లూ చాలామంది ఉన్నారు, వాళ్లను కొట్టిపారేయలేను; మీ పుస్తకంలో ఏది పెట్టినా మొదటి నుంచి చివరి దాకా అదే ఉంచండి.

చెవి తేల్చలేని చోట అర్థాన్ని అడగాలి. ఎడం ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థం మారే మాటలు కొన్నుంటాయి, అక్కడ మాత్రం ప్రూఫులు చూసేవాడు నిద్రపోకూడదు. ‘ప్రతిపక్షం’ అసెంబ్లీలో అధికార పార్టీకి ఎదురుగా కూర్చుంటుంది. ‘ప్రతి పక్షం’ పదిహేను రోజులకోసారి వస్తుంది. ‘ఒకవేళ వస్తే’ వేరు, ‘ఒక వేళ తిని ఒక వేళ పస్తుండి’ వేరు. ‘పెద్దమనిషి’ ఊళ్లో తగవు తీరుస్తాడు. ‘పెద్ద మనిషి’ గుమ్మంలోంచి వంగి రావాలి. ‘పదిమందిలో పరువు పోయింది’ అంటే అక్కడ లెక్కపెడితే పది తేలక్కర్లేదు, నలుగురూ అని అర్థం. మీ వాక్యంలో నాన్నగారితో నడిచిన పిల్లలు నిజంగా పది మందేనా, లేక పిల్లల గుంపా? అది ఆయనకే తెలియాలి. లెక్కే అయితే ‘పది మంది’ అని ఉంచండి.

విశేషణం ఎవరిదో తేలని చోట కూడా ఎడం కొంత సాయం చేస్తుంది. ‘పాత పుస్తకాల దుకాణం’ అంటే పాతదెవరు, పుస్తకాలా, దుకాణమా? దుకాణం పాతదైతే ‘పుస్తకాల పాత దుకాణం’ అని మాటల వరస మార్చాలి. పాతవి పుస్తకాలే అయితే ‘పాతపుస్తకాల దుకాణం’ అని కలిపితే సందేహం పోతుంది. మామూలుగా ‘పాత’ని నేను విడిగానే రాస్తాను, ఇలాంటి చోట మాత్రం కలుపుతాను. నియమం తప్పానని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను.

మీ వాక్యంలో ఇంకా రెండు మిగిలాయి. చుట్టరికం చెప్పే మాటకు ‘గారు’ని కలపండి: నాన్నగారు, మామయ్యగారు. మనిషి పేరుకైతే ఎడం వదలండి: సుబ్బారావు గారు. ఇది సూత్రమేమీ కాదు, పేరు పేరుగా కనిపించాలని నా పట్టింపు. రెండోది ‘వెళ్లే వారు’. రోజూ వెళ్తుండేవారు అని చెప్పడం మీ ఉద్దేశం, అది ఒకే క్రియ, ‘వెళ్లేవారు’ అని కలిసే ఉండాలి. విడదీస్తే ‘వెళ్లే జనం’ అవుతుంది, వాక్యం క్రియ లేక వేలాడుతుంది. చెప్పేవారు, తినేవాళ్లం, ఉండేది. జ్ఞాపకాల పుస్తకంలో ఈ రూపాలే ఎక్కువ ఉంటాయి కాబట్టి మీకు ‘లో’ తరవాత పెద్ద పని ఇదే.

దిద్దాక ఇలా ఉంటుంది: “నాన్నగారు 1962లో ఖమ్మం నుంచి బస్సులో వచ్చి, కూరగాయల మార్కెట్ దగ్గర ఉన్న పెద్దమ్మ ఇంట్లో దిగి, స్కూలుకి పది మందితో పాటు నడిచి వెళ్లేవారు.”

పుస్తకమంతా ఇలా చేతితో దిద్దక్కర్లేదు. వెతికి మార్చే సౌకర్యంతో మొదట విడిగా ఉన్న ‘లో’లను పట్టుకోండి. వెతికేటప్పుడు ముందూ వెనకా రెండు వైపులా ఖాళీ పెట్టి వెతకాలి, మార్చేటప్పుడు ముందు ఖాళీని తీసేసి వెనక ఖాళీని ఉంచాలి. వెనక ఖాళీ లేకపోతే ‘లోపల’, ‘లోకం’ కూడా దొరికి ముందు మాటకు అతుక్కుపోతాయి. అలా రెండు ఖాళీలతో వెతికినప్పుడు ‘లో.’, ‘లో,’ లాంటివి తప్పించుకుంటాయి, వాటినీ, లోని, లోనే, లోకిలనూ విడిగా వెతకండి. తరవాత కి, కు, ని, ను, తో, గా. మార్చేటప్పుడు ముందున్న మాట పొల్లుతో ముగిసిందేమో చూసుకోండి, లేకపోతే కంప్యూటర్ అన్నిటినీ ‘బస్లో’ చేసి పెడుతుంది. ఆ మాటలకు ముందే ‘బస్సు’, ‘స్కూలు’ అని ఉకారం తగిలించేస్తే ఈ బెడద ఉండదు. ‘వారు’, ‘వాళ్లు’, ‘వాడు’ మాత్రం ఇలా వెతికి మార్చకండి, విడిగా ఉండాల్సినవే ఎక్కువ. అవి కళ్లతో చదివే దిద్దాలి.

అన్నీ ఒకేసారి మార్చే మీట నొక్కకండి. ఒక్కొక్కటీ చూసి ఒప్పుకుంటూ వెళ్లండి. ఒక ఊరి చరిత్ర పుస్తకానికి నేను తొందరపడి ఆ మీట నొక్కాను. అందులో కరెంటు కష్టాల అధ్యాయం ఉంది. ‘మా ఊళ్లో లో ఓల్టేజీ’ అన్న వాక్యం ‘మా ఊళ్లోలో ఓల్టేజీ’ అయింది. ఫైనల్ ప్రూఫులో కూడా నాకు కనపడలేదు, అచ్చయ్యాక రచయిత భార్య చూపించింది.